ఇంటి ధర

ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా మైథిలి చదివిన ప్రతి పుస్తకం మొదటి పేజీలోనూ సింధూజ పేరే ఉండేది.

మైథిలి తండ్రి చక్రపాణి అహోబిలం గుడి వంటశాలలో పనిచేసేవాడు. సింధూజ తండ్రి రామనాథం శెట్టికి ఆళ్లగడ్డలో శనగపప్పు మిల్లు. ఏటా వేసవిలో శెట్టిగారు గుడికి రెండు మూటల పప్పు పంపేవాడు. ఆ మూటల పక్కనే తాడుతో కట్టిన పుస్తకాల కట్ట ఒకటి దిగేది. సింధూజ ఒక క్లాసు పైన చదివేది. ఆమె వదిలిన పుస్తకాలు మైథిలికి. వాటికి చిరుగు ఉండేది కాదు, మరక ఉండేది కాదు, పైన గోధుమరంగు అట్ట కూడా వేసే ఉండేది. లోపల ముఖ్యమైన వాక్యాల కింద ఎర్రపెన్నుతో తిన్నని గీతలు. ఆ గీతలే చదివి మైథిలి పరీక్షలు పాసయ్యేది.

"ఎంత మంచి పిల్ల! అట్టలు కూడా ఏసి పంపింది సూడు" అనేది అమ్మ అనసూయ.

మైథిలి ఆ పేరును కొట్టేసి దాని కింద తన పేరు రాసుకునేది. ఎంత గట్టిగా కొట్టేసినా కింద సింధూజ అక్షరాలు కనబడుతూనే ఉండేవి. ఆ పిల్ల చెడ్డదైనా బాగుండేది అనిపించేది. తిట్టుకోవడానికి వీలుండేది.

ఇప్పుడు మైథిలికి ఇరవై ఎనిమిదేళ్లు. నాలుగోసారి రాసి సి.ఎ. పాసై, నంద్యాల సంజీవనగర్‌లో సుదర్శన్ గారి ఆడిట్ ఆఫీసులో పనిచేస్తోంది. కింద మందులషాపు, పైన వీళ్ల ఆఫీసు. ఏప్రిల్ వచ్చిందంటే ఫ్యాను గాలి కూడా పెనం మీద నుంచి వచ్చినట్టే ఉంటుంది. ఆ ఏప్రిల్‌లో ఆమె బల్ల మీదికి వచ్చిన ఫైలు కుందేరు ఫుడ్స్ వాళ్లది.

కుందేరు ఫుడ్స్ నంద్యాల శివార్లలో శనగపిండి తయారుచేసే కంపెనీ. స్టాక్ మార్కెట్లో ఉన్న ఒక హైదరాబాద్ కంపెనీకి పిల్ల కంపెనీ. రెండేళ్ల కిందట వాళ్లు రామనాథం శెట్టి పప్పుమిల్లును మనుషులతో, యంత్రాలతో సహా ఉన్నదున్నట్టుగా కొనేశారు. ముప్పై కోట్లు. శెట్టిగారు ఇంట్లో కూర్చున్నాడు. ఎం.బి.ఎ. చదివిన కూతురు సింధూజ మాత్రం అదే మిల్లుకు యూనిట్ హెడ్ అయింది. తండ్రి అమ్ముకున్న కుర్చీలోనే కూతురు జీతం తీసుకుంటూ కూర్చుంది. పైగా కంపెనీ కారు.

ఫైలు ముట్టుకోక ముందే మైథిలి సుదర్శన్ గారి దగ్గరికి పోయి చెప్పింది. "సార్, ఆళ్లగడ్డ యూనిట్ హెడ్డు నాకు చిన్నప్పట్నుంచి తెలుసు. ఆమె పుస్తకాలతోనే చదువుకున్నా."

సుదర్శన్ గారికి అరవై దాటాయి. కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని చూశాడు. "చుట్టరికముందా? దుడ్ల లావాదేవీ ఏమన్నా ఉందా?"

"లేవు సార్."

"తెలిసినోళ్లున్న చోటికల్లా పోకూడదంటే నంద్యాలలో మనకు ఒక్క కంపెనీ మిగలదమ్మా. ఫైలులో రాసిపెట్టు. నేను ఒకటికి రెండుసార్లు చూస్తాలే."

మైథిలి రాసింది. పరిచయం ఉందని రాసింది. ఆ పేరును అయిదేళ్లు కొట్టేసి కొట్టేసి తన పేరు రాసుకున్నానని రాయడానికి ఆ ఫారంలో గడి లేదు.

పని ఇదీ. మిల్లును ముప్పై కోట్లకు కొన్నారు కదా, అందులో నేల, యంత్రాలు, గోడౌన్లు, సరుకు, అన్నీ విలువ కడితే ఇరవై ఒక్క కోట్లు తేలాయి. మిగతా తొమ్మిది కోట్లు ఎందుకిచ్చినట్టు? ఈ వ్యాపారం ముందుముందు బాగా సంపాదిస్తుందన్న నమ్మకానికి. ఆ తొమ్మిది కోట్లను లెక్కల్లో గుడ్‌విల్ అంటారు. కంటికి కనిపించదు, చేతికి తగలదు. అందుకే ఏటా ఒకసారి పరీక్ష పెట్టాలి: ఆ నమ్మకం ఇంకా నిలబడే ఉందా, లేక కొంత పోయిందా? యూనిట్ ముందుముందు తెచ్చే డబ్బుకు ఈరోజు విలువ కట్టి, పుస్తకాల్లో ఉన్న విలువతో పోల్చాలి. తక్కువ తేలితే ఆ తేడాను నష్టంగా రాయాలి. ముందు గుడ్‌విల్‌లోంచి కోయాలి. దాన్నే ఇంపెయిర్‌మెంట్ అంటారు.

కొన్నప్పుడు వేసుకున్న అంచనా ఏటా మూడు కోట్లు మిగులుతాయని. రెండేళ్లూ మిగిలింది రెండుంబావు కోట్లు.

అయినా కంపెనీ ఫైనాన్స్ మేనేజరు రాకేశ్ పంపిన లెక్కలో యూనిట్ విలువ ఇరవై ఎనిమిది కోట్ల అరవై లక్షలు తేలింది. తరుగుదల పోను పుస్తకాల్లో గుడ్‌విల్‌తో కలిపి ఉన్నది ఇరవై ఎనిమిది కోట్లు. అరవై లక్షలు పైనే. పరీక్ష పాస్.

మైథిలి ఆ కాగితాల మీదికి వంగింది. రెండో పూటకే దొరికింది. మూడో ఏడాది నుంచి ఆదాయం ఉన్నట్టుండి పెరుగుతోంది. పక్కన చిన్న అక్షరాలతో 'పుట్నాల లైను' అని ఉంది.

కుందేరు ఫుడ్స్ ఆఫీసుకు పోయి రాకేశ్‌ను అడిగింది. రాకేశ్‌కు ముప్పై అయిదేళ్లుంటాయి. ఎప్పుడూ చల్లటి గదిలోనే ఉంటాడు, ఎప్పుడూ చెమటతోనే ఉంటాడు.

"ఈ పుట్నాల లైను యాడుందన్నా?"

"ఆళ్లగడ్డలో పెడతాం మేడం. శనగలు ఏయించి ప్యాకెట్లు కొడతాం. మంచి గిరాకీ."

"ఆర్డరు పెట్టినారా?"

"కొటేషన్ ఉంది. కోయంబత్తూరు నుంచి."

"డైరెక్టర్ల బోర్డు ఒప్పుకుందా?"

రాకేశ్ నవ్వాడు. "ఒప్పుకుంటుంది లేండి."

"అయితే దాన్ని కలపడానికి లేదన్నా. యూనిట్ ఈరోజు ఎట్లుందో అట్లే విలువ కట్టాల. ఇంకా మాట కూడా ఇయ్యని యంత్రం తెచ్చే దుడ్లు ఇప్పుడే లెక్కలో ఏసుకోకూడదు. దానికయ్యే ఖర్చూ తీసేయండి, అది తెచ్చే ఆదాయమూ తీసేయండి."

"తీసేస్తే ఏమయితాదో చూసినారా?"

చూసింది. రెండుసార్లు చూసింది. ఏటా మిగిలేది రెండుంబావు కోట్లు; ముందుముందు వచ్చే డబ్బుకు పన్నుకు ముందు లెక్కన ఏటా పద్నాలుగు శాతం తగ్గింపు, మిగులులో ఏటా నాలుగు శాతం పెరుగుదల, తేడా పది శాతం. అంటే ఒక ఏడాది మిగులుకు సుమారు పది రెట్లు. ఇరవై రెండున్నర కోట్లు. ఉన్నపాటున ఎవరికైనా అమ్మేస్తే ఖర్చులు పోను వచ్చేది ఇరవై ఒక్కటే, అది ఇంకా తక్కువ. రెంటిలో ఎక్కువైనదే తీసుకున్నా, పుస్తకాల విలువకు అయిదున్నర కోట్లు తక్కువ.

"అయిదున్నర కోట్ల నష్టం" అంది మైథిలి.

రాకేశ్ కర్చీఫ్ తీసి మెడ తుడుచుకున్నాడు. "అంత పోతే హరీష్ గారు ఊరుకోడు మేడం. మొన్ననే అన్నాడు. మూడు కోట్లు వస్తాయని లెక్కలేసి చూపించింది ఆ తండ్రీకూతుళ్లే కదా, గుడ్‌విల్ సగం పోయిందంటే ఆ అమ్మాయిని కుర్చీలోంచి లేపి కర్నూలు నుంచి మనిషిని తెస్తా అన్నాడు." హరీష్ గారంటే కంపెనీ ఎం.డి.

ఆ మాట విని మైథిలి తలొంచుకుని ఫైలు సర్దుకుంది. పెదవుల మీద ఏదో కదిలింది. రాకేశ్ చూస్తాడేమోనని పెన్ను కిందపడేసి తీసుకుంది.

మిగులు తక్కువ ఎందుకొచ్చిందో యూనిట్‌కే పోయి కనుక్కోమన్నాడు సుదర్శన్ గారు. సోమవారం పొద్దున మైథిలి ఆళ్లగడ్డ బస్సెక్కింది. శిరివెళ్ల దాటేదాకా కిటికీ పక్కన సీటు దొరకలేదు. దొరికాక ఆమె చూసింది పొలాలను కాదు. సింధూజ కుర్చీలోంచి లేచి పెట్టె సర్దుకుంటున్నట్టు, తాను గుమ్మం పక్కన నిలబడి "పాపం అక్కా" అంటున్నట్టు చూసుకుంది. ఆ "పాపం" అనే మాటను ఎట్లా పలకాలో కూడా మనసులో రెండు మూడు రకాలుగా అనుకుంది.

మిల్లు ఊరి బయట, రాళ్లు చెక్కే షెడ్లు దాటాక ఉంటుంది. గేటులోనే శనగపొట్టు వాసన. సింధూజ ఎదురొచ్చింది. మామూలు చీర, జుట్టు మీద సన్నటి పిండి.

"మైథిలీ! ఎండలో బస్సులో వచ్చినావా? ఫోన్ చేసింటే కారు పంపేదాన్ని కదా."

"అలవాటేలే అక్కా."

"రా, ముందు మజ్జిగ తాగు. చిక్కిపోయినావు."

కారు పంపేదాన్ని అనడంలో ఏ గర్వమూ లేదు. అదే మైథిలికి గుచ్చుకుంది. ఉండి కూడా లేనట్టు మాట్లాడగలగడం, అది ఉన్నవాళ్లకే చేతనవుతుంది అనుకుంది. మజ్జిగలో అల్లం, కరివేపాకు. బాగుంది. అదీ గుచ్చుకుంది.

అడగాల్సినవన్నీ అడిగింది. కాస్త కరుకుగానే అడిగింది. సింధూజ ఒక్కొక్కదానికీ కాగితం చూపించింది. సంజామల, కోవెలకుంట్ల వైపు పంట తగ్గి శనగలు ప్రియమైనాయి. ఒక ఏడాది రెండు నెలలు మోటారు చెడింది. "నాకు చేతనైనంత చేస్తాండా మైథిలీ. మూడు కోట్లు ఎందుకు తేలేకపోతాండానో నాకే తెలీడం లేదు" అంది. ఆ మాట అంటున్నప్పుడు ఆమె వేలి గోరు కొరికింది. చిన్నప్పుడు గుడి ఉత్సవాల్లో కనిపించినప్పుడు కూడా అట్లాగే కొరికేది.

తర్వాత మైథిలి బయటికి పోయే సరుకు చూడాలంది. తూకం గదిలో దానమ్మ ఉంది. శెట్టిగారి కాలం నుంచి లారీలు తూచి రాసేది ఆమే. గోడ మీద నల్లబోర్డు. సుద్దముక్కతో గీసిన రెండు గడులు. ఒక దాని పైన 'బజారు', ఇంకో దాని పైన 'ఇల్లు'. బజారు కింద 7,400. ఇల్లు కింద 7,200.

"ఈ ఇల్లు ఏంది దానమ్మా?"

"ఇంటి ధరమ్మా. మనోళ్లకు పంపేది." దానమ్మ చెంగుతో బోర్డు అంచు తుడిచింది. "వెనక నంద్యాలలో శెట్టిగారి తమ్మునికి పిండి అంగడుండ్య. తమ్మునికాడ బజారు ధర యాడ తీసుకుంటాడు? క్వింటాలుకు రెండు నూర్లు తక్కువ ఏస్తాండ్య. అదే ఇంటి ధర."

"ఆ అంగడి ఇప్పుడు లేదు కదా?"

"అంగడి మూసిరి. కుందేరు కంపెనీ మిల్లు కొన్నాక, నంద్యాల ప్లాంటుకు పోయే పప్పు ఏ గడిలో రాయాల సామీ అని అడిగినా. ఇప్పుడు అదే కదా మన ఇల్లు, ఇంటి ధరే ఏయి అన్యాడు పెద్దాయన."

"సింధూజక్కకు తెలుసా?"

"పుట్టినప్పటి నుంచి సూస్తాండే బోర్డు, తెలీకపోవడానికేముంది? దినామూ సూసేదాన్ని ఎవురూ సూడరులేమ్మా."

మైథిలి ఫోన్ తీసి బోర్డు ఫోటో తీసింది. రిజిస్టరు తిరగేసింది. నంద్యాల ప్లాంటుకు ఏడాదికి పోయింది ఇరవై వేల క్వింటాళ్లు. అదే రకం పప్పు, అవే రోజుల్లో, హైదరాబాద్ వ్యాపారులకు బజారు ధరకే పోయింది.

తిరుగు బస్సులో లెక్క దానంతటదే వచ్చింది. ఇరవై వేల క్వింటాళ్లు, రెండు వందల చొప్పున నలభై లక్షలు. ఏటా నలభై లక్షలు ఆళ్లగడ్డ సంపాదించి నంద్యాల ప్లాంటు ఖాతాలో పోస్తోంది. సొంత కంపెనీలోనే ఒక యూనిట్ ఇంకో యూనిట్‌కు తక్కువ ధరకు ఇస్తుంటే, పరీక్షలో ఆ ధర పనికిరాదు. ఆ సరుకుకు బయట రోజూ అమ్ముడుపోయే బజారు ఉన్నప్పుడు బజారు ధరే తీసుకోవాలి. ఈ నియమం మైథిలికి కంఠతా వచ్చు. నాలుగు సార్లు పరీక్ష రాసిన మనిషి. నలభై లక్షలకు పది రెట్లు, నాలుగు కోట్లు. ఇరవై రెండున్నర కాస్తా ఇరవై ఆరున్నర అవుతుంది. నష్టం అయిదున్నర కాదు, ఒకటిన్నర.

ఒకటిన్నర కోటికి ఎవరినీ కుర్చీలోంచి లేపరు.

మైథిలి ఫోన్ ఆపి సంచిలో అడుగున, చున్నీ కింద పెట్టేసింది.

మంగళవారం ఆ ఫోటో సంగతి ఎత్తలేదు. బుధవారం సుదర్శన్ గారు అడిగాడు. "ఆళ్లగడ్డలో ఇంకేమన్నా కనిపించిందా?"

"పంట తగ్గిందంట సార్. మోటారు చెడిందంట."

"అంతేనా?"

"అంతే సార్."

ఆయన తల ఊపి వేరే ఫైలు తీసుకున్నాడు. మైథిలి తనకు తాను నచ్చజెప్పుకుంది. నేను అబద్ధం రాయలేదు కదా. ఆమె బోర్డు ఆమె చూసుకోవాలి కదా. దినమూ కళ్ల ముందున్నదాన్ని చూసుకోలేని మనిషికి యూనిట్ హెడ్ ఎందుకు? పుట్టినప్పటి నుంచీ అన్నీ ఒళ్లో వచ్చి పడ్డాయి, ఒక్కసారి పడకపోతే ఏమవుతుంది? ఆ సాయంత్రం బజారులో ఎవరిదో తెల్లకారు పక్కనుంచి పోతే, లోపల సింధూజ లేకపోయినా ఒళ్లు మండింది.

గురువారం తుది నోటు రాయడానికి కూర్చుంది. పుట్నాల లైను గురించి రాయాలి. బాగా రాయాలని మొదలుపెట్టింది. 'యాజమాన్యం తనకు అనుకూలమైన అంశాన్ని మాత్రమే లెక్కలో చేర్చి...'

చేతులు కీబోర్డు మీదే ఆగిపోయాయి.

ఆ వాక్యాన్ని మళ్లీ చదివింది. రాకేశ్ తనకు కావాల్సిన జవాబు కోసం లేనిదాన్ని కలిపాడు. తాను తనకు కావాల్సిన జవాబు కోసం ఉన్నదాన్ని దాచింది. రాకేశ్ అయినా పక్కన చిన్న అక్షరాలతో రాశాడు. తాను అదీ రాయలేదు. ఈ నోటు కింద 'తయారుచేసినవారు' అన్నచోట తన పేరుండాలి. కళ్ల ముందు ఆరో తరగతి లెక్కల పుస్తకం మెదిలింది. కొట్టేసిన పేరు, కింద తన పేరు.

లేవాలని ఉంది, లేవాలని లేదు. కింద మందులషాపు వాళ్లు ఎవరితోనో చిల్లర గురించి తగాదా పడుతున్నారు. ఆ తగాదా అయిపోయేదాకా కూర్చుని, లేచి, ఫోన్ తీసుకుని సుదర్శన్ గారి గదిలోకి పోయింది.

ఆయన ఫోటో చూశాడు. వేళ్లతో పెద్దది చేసి చూశాడు. తర్వాత పైన ఉన్న తేదీ చూశాడు.

"సోమవారం తీసినావు."

"అవును సార్."

"నిన్న అడిగితే చెప్పలేదే?"

మైథిలి బల్ల అంచు పట్టుకుంది. మర్చిపోయానని చెప్పొచ్చు. ఆయన నమ్ముతాడు కూడా. "చెప్పాలనిపించలేదు సార్. నష్టం పెద్దగానే ఉండాలనుకున్నా."

ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. తిడతాడనుకుంది. తిడితే తేలికయ్యేది. ఆయన మాత్రం కాగితం తీసుకుని లెక్క మొదలుపెట్టాడు.

"బయటోళ్లకు అమ్మితే దలాలీ ఎవరిది?"

"కొన్నోళ్లదే సార్. లారీ బాడుగ కూడా."

"నంద్యాల ప్లాంటుకు పోయేదానికి?"

"ప్లాంటు లారీనే వస్తాది."

"అయితే రెండు నూర్లూ నికరం. బోర్డును నమ్మి రాయలేం. ఏడాది బిల్లులు తెప్పించు. నెలకు నాలుగు చొప్పున తీసుకో, అదే రోజు బయటకు పోయిన బిల్లుతో జత కట్టు. ఇంకో సంగతి. ఆళ్లగడ్డకు నలభై లక్షలు కలిపితే నంద్యాల ప్లాంటు లెక్కలోంచి అదే నలభై లక్షలు తీసేయాల. ఒకే రూపాయి రెండు ఇళ్లలో ఉండదు. అది తీసేసినాక నంద్యాల ప్లాంటు నిలబడుతుందో లేదో కూడా చూడు."

"సరే సార్."

"మైథిలీ." తలుపు దగ్గర ఆగింది. "ఫోటో తీసిన తేదీ సోమవారమనే రాయి. ఇంక ఈ ఫైలులో నువ్వు తయారుచేసిన ప్రతి పేజీ నేనే మళ్లీ కూడుతా. నీకు బాధ అనిపించినా సరే."

బాధ అనిపించింది. కానీ ఆ బాధలో అన్యాయం ఏమీ లేదు కాబట్టి దాన్ని ఎవరి మీదికీ తొయ్యడానికి కుదర్లేదు.

శుక్రవారం బిల్లులు అడిగితే శనివారానికి నలభై ఎనిమిది జతలు వచ్చాయి. నలభై అయిదింటిలో తేడా సరిగ్గా రెండు వందలు. మూడింటిలో పప్పు రకమే వేరు, వాటిని మార్చి వేరేవి తీసుకుంటే అక్కడా రెండు వందలే. నంద్యాల ప్లాంటు లెక్కలోంచి నలభై లక్షలు తీసేసినా దాని విలువ పుస్తకాల కన్నా చాలా పైనే నిలబడింది. ఆళ్లగడ్డ విలువ ఇరవై ఆరున్నర కోట్లు. గుడ్‌విల్ తొమ్మిదిలోంచి ఒకటిన్నర కోటి పోయి ఏడున్నర మిగిలింది.

మరుసటి బుధవారం కుందేరు ఫుడ్స్ ఆఫీసులో సమావేశం. హరీష్ గారు, రాకేశ్, సింధూజ, ఇటు సుదర్శన్ గారు, మైథిలి.

సుదర్శన్ గారు రెండు మార్పులూ చెప్పాడు. పుట్నాల లైను తీసేశాం, పప్పు ధర బజారుకు తెచ్చాం. హరీష్ గారు కాగితం అటూ ఇటూ తిప్పాడు.

"ఏందప్పా రాకేశ్, రెండేళ్లు మన ప్లాంటు లాభమని నువ్వు నాకు చూపిచ్చింది ఆళ్లగడ్డ దుడ్లా?"

"సార్, వాళ్లు పంపిన బిల్లు ప్రకారమే కట్టినాం. తక్కువేసినారని మనం ఎట్ల తగువాడతాం?"

"ఎక్కువేస్తే తగువాడతావు కదా!" హరీష్ గారు సింధూజ వైపు తిరిగాడు. "నువ్వన్నా చెప్పొద్దామ్మా?"

సింధూజ గోరు కొరకబోయి ఆగింది. "ఆ తూకం గది బోర్డు మా నాయన కాలం నాటిది సార్. అట్లే ఉండాలేమో అనుకున్నా. అది నా కంటికి ఆనలేదు. తప్పు నాదే."

"తప్పు సంగతి తర్వాత. రేపటి నుంచి బజారు ధరే. ఒకటిన్నర కోటి రాసేద్దాం. పుట్నాల లైను సంగతి డైరెక్టర్ల ముందు పెడదాం. యూనిట్ నువ్వే చూసుకో. ఇంత తక్కువ ధరకిచ్చి కూడా రెండుంబావు తెచ్చినావంటే పర్వాలేదు."

పర్వాలేదు అన్నాడు. మైథిలి ఎదురుగానే అన్నాడు. బోర్డు చూసింది తాను, బిల్లులు జతకట్టింది తాను, మెచ్చుకోలు మళ్లీ ఆ ఒళ్లోనే పడింది. ఆ పాత మంట మళ్లీ లేచింది. ఇన్ని రోజుల తర్వాత కూడా, ఇంత చేశాక కూడా అది అక్కడే ఉంది.

మెట్లు దిగుతుంటే వెనక నుంచి సింధూజ పిలిచింది. "మైథిలీ, ఆగు."

ఆగింది.

"దానమ్మ చెప్పింది. నువ్వు ఫోటో తీసింది సోమవారమంట. మాకు బిల్లులకు ఫోన్ వచ్చింది శుక్రవారం." సింధూజ గొంతు మామూలుగానే ఉంది. "ఆ నడిమధ్య రోజులు ఏం చేస్తాంటివి?"

"ఏమీ చేయలేదక్కా. దాచిపెట్టినా."

"ఎందుకు?"

మెట్ల మీద ఎండ పడుతోంది. మైథిలి ఆ ఎండకేసి చూస్తూ చెప్పింది. "నువ్వు ఆ కుర్చీలోంచి పోతే చూడాలనుకున్నా."

సింధూజ ముఖం మారింది. ఇరవై ఏళ్లలో ఆ ముఖం అట్లా మారడం మైథిలి మొదటిసారి చూసింది. "నేనేం చేసినానే నిన్ను? పుస్తకాలకు అట్టలేసి పంపినందుకా?"

"అవును" అంది మైథిలి. నోటికి వచ్చేసింది. "అందుకే."

"ఆ నాలుగు రేత్రులూ నాకు నిద్రలేదు. నాయన అమ్మిన మిల్లును నేను ముంచినా అనుకుని ఏడ్చినా. నా ముందరే మజ్జిగ తాగిపోయి..." ఆమె ఒక మెట్టు కిందికి దిగింది. "ఇంక నన్ను అక్కా అనొద్దు. పనుంటే ఫోన్ చేయి. మేడం అను చాలు."

ఆమె గబగబా దిగి కారెక్కింది. ఎప్పుడు కలిసినా "ఎక్కు, దింపుతా" అనే మనిషి అద్దం కూడా దించలేదు. కారు గేటు దాటి పోయింది.

చిన్నప్పటి నుంచి మైథిలి కోరుకున్నది ఇదే. సింధూజ ఒక్కసారైనా మంచితనం వదిలి కరుకుగా మాట్లాడాలి, తాను తిట్టుకోవడానికి వీలు కల్పించాలి. ఇప్పుడు మాట్లాడింది. తిట్టుకోవడానికి మాత్రం మాటలు రాలేదు. ఆమె అన్నదాంట్లో తీసేయాల్సింది ఏదీ లేదు.

సుదర్శన్ గారు ఆటో పిలిచాడు.

ఆఫీసుకు వచ్చాక మైథిలి ఫైలు చివరి పేజీ తీసింది. సాక్ష్యం దొరికిన తేదీ దగ్గర సోమవారం తేదీ వేసింది. లెక్కలో చేర్చిన తేదీ దగ్గర గురువారం తేదీ వేసింది. ఎందుకు ఆలస్యం అన్నచోట 'తయారుచేసినవారి వల్ల' అని రాసింది. కింద సంతకం పెట్టి పేరు రాసింది.

సుదర్శన్ గారు కళ్లజోడు సరిచేసుకుని, మొదటి పేజీ నుంచి మళ్లీ కూడడం మొదలుపెట్టాడు. మైథిలి ఎదురుగా కుర్చీ లాక్కుని, ఆయన అడిగిన బిల్లు అడిగినట్టు తీసి ఇస్తూ కూర్చుంది.